పాత ప్రశ్నపత్రాల అవుట్‌పుట్ ప్రశ్నలు: చేతి పట్టికతో డ్రై రన్ డైరీ

మొదటి రోజు

పాత కంప్యూటర్ సైన్స్ ప్రశ్నపత్రాల నుంచి "ఈ ప్రోగ్రామ్ ఏమి ముద్రిస్తుంది" అని అడిగిన ప్రశ్నలు 40 ఏరుకుని, ఒకే పూటలో అన్నీ చేశాను. అన్నీ సి భాషలోవే, ఒక్కొక్కటి ఇరవై లైన్లకు మించదు. కంపైలర్ తెరవలేదు. రఫ్ కాగితం మీద అక్కడక్కడ అంకెలు గిలకడం తప్ప పద్ధతిగా ఏదీ రాయలేదు. తరువాత కీతో సరిచూసుకుంటే 17 తప్పాయి.

ఆ 17 ప్రశ్నలను మళ్లీ చదివినప్పుడు నన్ను బాధపెట్టిన విషయం ఏమిటంటే, భాష తెలియక తప్పినది వాటిలో ఒక్కటి కూడా ఉన్నట్టు కనిపించలేదు. `continue` ఏమి చేస్తుందో తెలుసు, `static` అంటే ఏమిటో తెలుసు, `i++`కి `++i`కి తేడా నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. తెలిసిన ఆ సంగతి సరిగ్గా అవసరపడిన క్షణంలో నా మనసు మరో అంకెను పట్టుకుని ఉంది. తప్పులను రకాలుగా విడదీస్తే, లూప్ ముగిసే చోట 6, ఒకే వ్యక్తీకరణలో విలువ మారే చోట 4, ఫంక్షన్ పిలుపుల దగ్గర 5 పోయాయి. మిగిలిన 2 కేవలం కూడికలో పొరపాట్లు.

కాబట్టి ఈ పని పెట్టుకున్నాను: తప్పిన ప్రతి ప్రశ్ననూ గీతల నోట్‌బుక్కులో పట్టిక గీసి మళ్లీ చేయాలి. సరైన సమాధానం రావడం ఒక్కటే చాలదు. మొదటిసారి నేను దారి తప్పినది సరిగ్గా ఏ వరుస దగ్గరో వేలు పెట్టి చూపగలగాలి. అది దొరికే వరకు ఆ ప్రశ్న ముగిసినట్టు కాదు.

రెండో రోజు: లూప్ వదిలి వెళ్లే వరుస

ముందుగా లూప్‌లతోనే మొదలుపెట్టాను. నేను తప్పిన వాటిలో చాలా సాధారణంగా కనిపించేది ఇది.

```c
int i, s = 0;
for (i = 1; i < 10; i += 2) {
    if (i % 3 == 0)
        continue;
    s += i;
}
printf("%d %d", i, s);
```

నేను `9 13` అని రాశాను. సరైన సమాధానం `11 13`. కూడిక సరిగ్గానే వచ్చింది, `i` మాత్రమే తప్పింది. పట్టిక ఇలా గీశాను.

| వరుస | `i` | `i < 10` | `i % 3 == 0` | `s` | అవుట్‌పుట్ |
|---|---|---|---|---|---|
| 0 | | | | 0 | |
| 1 | 1 | నిజం | అబద్ధం | 1 | |
| 2 | 3 | నిజం | నిజం | | |
| 3 | 5 | నిజం | అబద్ధం | 6 | |
| 4 | 7 | నిజం | అబద్ధం | 13 | |
| 5 | 9 | నిజం | నిజం | | |
| 6 | 11 | అబద్ధం | | | `11 13` |

ఆరో వరుస నా తలలో లేదు. లూప్ చివరిసారి నడిచినది `i` 9గా ఉన్నప్పుడు కాబట్టి, ఆగిపోయినది కూడా 9 దగ్గరే అని అనుకున్నాను. కానీ 9 దగ్గర షరతు ఇంకా నిజమే. అది అబద్ధం కావాలంటే `i` మరొకసారి పెరిగి 11 కావలసిందే. షరతుకు విడిగా ఒక కాలమ్ పెట్టుకుంటే ఈ తప్పు చేయడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే ఆ కాలమ్‌లో ఎక్కడో ఒకచోట "అబద్ధం" అన్న మాట రాసేదాకా పట్టిక పూర్తి కాదు. వేరియబుల్స్‌కు మాత్రమే కాలమ్‌లు గీసి షరతులను మనసులో చూసుకునే అలవాటు ఇక్కడే దెబ్బ తీస్తుంది.

గళ్లు నింపడంలో ఒక చిన్న నియమం పెట్టుకున్నాను. విలువ మారని గడిని ఖాళీగా వదిలేస్తాను. పాత అంకెను దించుకుంటూ రాను. రెండో వరుసలో `s` గడి ఖాళీగా ఉందంటే, అక్కడ `continue` వల్ల కూడిక జరగలేదని అది కంటికి కనిపిస్తుంది. అదే గడిలో మళ్లీ 1 అని రాసి ఉంటే, అది కొత్తగా వచ్చిన 1 అవునో, పాత 1 అవునో తరువాత చెప్పలేను. ప్రస్తుత విలువ కావలసినప్పుడు ఆ కాలమ్‌లో పైకి చూసుకుంటూ వెళ్లి మొదట తగిలిన అంకెను తీసుకుంటే సరిపోతుంది.

మరో ఏడాది పేపర్‌లో ఈ తరహా ప్రశ్ననే `while`తో అడిగారు. పై కోడ్‌ను ఆ రూపంలోకి మారిస్తే ఇలా ఉంటుంది.

```c
i = 1;
while (i < 10) {
    if (i % 3 == 0)
        continue;
    s += i;
    i += 2;
}
```

పైకి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. పట్టికలో మాత్రం మూడో వరుస దగ్గరే తేడా బయటపడింది. `for`లో `continue` తగిలినా `i += 2` జరుగుతుంది, ఎందుకంటే అది లూప్ తలలో ఉంది. ఇక్కడ అది `continue` కిందికి వెళ్లిపోయింది. అందువల్ల `i` 3 అయిన తరువాత షరతు నిజం, భాగహార పరీక్ష నిజం, మళ్లీ పైకి. `i` ఇంకా 3. రెండో వరుస, మూడో వరుస అచ్చుగుద్దినట్టు ఒకటే అయ్యాయి. లూప్ చదివే ప్రతి వేరియబులూ అదే విలువతో అదే చోటికి తిరిగి వచ్చిందంటే, తరువాత జరిగేదీ అదే కావాలి కాబట్టి, ఈ లూప్ ఎన్నటికీ ఆగదు. "వరుస మళ్లీ వచ్చింది" అన్న ఈ గుర్తును పక్కన రాసి పెట్టుకున్నాను.

నాలుగో రోజు: ముక్క విలువ వేరు, వేరియబుల్ విలువ వేరు

ఈ రోజు ఒకే లైనులో చాలా జరిగే ప్రశ్నలు చేశాను. ఇలాంటి వాటికి లైనుకు ఒక వరుస చాలదు. లైనును ముక్కలుగా విడదీసి, ముక్కకు ఒక వరుస ఇవ్వాలి. ఆ ముక్క చేతికిచ్చే విలువకు వేరే కాలమ్ ఉండాలి.

```c
int a = 0, b = 2, c = 5;
if (a++ && b++ || c--)
    printf("%d %d %d", a, b, c);
```

| ముక్క | ముక్క విలువ | `a` | `b` | `c` |
|---|---|---|---|---|
| మొదలు | | 0 | 2 | 5 |
| `a++` | 0 | 1 | | |
| `b++` | లెక్కించలేదు | | | |
| `a++ && b++` | 0 | | | |
| `c--` | 5 | | | 4 |
| మొత్తం | 1 | | | |

అవుట్‌పుట్ `1 2 4`. నేను మొదట `1 3 5` అని రాశాను. `a++` ముక్క విలువ 0, కానీ అదే క్షణంలో `a` గడిలోకి వచ్చినది 1. ఈ రెండు అంకెలకూ ఒకే గడి ఉన్నప్పుడు, `&&` వైపు చూసే సమయానికి అక్కడ కనిపించేది 1. దాన్నే నిజంగా తీసుకుని `b++` వైపు వెళ్లిపోయాను. రెండు కాలమ్‌లు ఉంటే `&&` చూడవలసినది ఏ అంకెనో స్పష్టంగా తెలుస్తుంది.

నాలుగు తప్పుల్లో మూడు ఈ రకమే. నాలుగోది మరింత లోతైన అపోహ వల్ల వచ్చింది. ప్రశ్నలో వ్యక్తీకరణ `a++ || b++ && c--`గా ఉంది, `a` మొదటి విలువ 1. ప్రాధాన్యంలో `||` కంటే `&&` పైన ఉంటుంది కాబట్టి ముందుగా `b++ && c--` జరుగుతుందని అనుకుని `2 3 4` రాశాను. వాస్తవానికి `a++` విలువ 1 కావడంతో `||` అక్కడే తేలిపోయింది. కుడి పక్కనున్నదేదీ ముట్టుకోలేదు. సమాధానం `2 2 5`.

ఎవరు ఎవరితో జతకడతారు అన్నది మాత్రమే ప్రాధాన్యం చెబుతుంది. ఇక్కడ అది కుండలీకరణాలు `a++ || (b++ && c--)`గా వేసి తప్పుకుంటుంది. ఏది ముందు లెక్కించాలి అన్నది వేరే ప్రశ్న. `&&`, `||`లకు దాని జవాబు ఎడమ నుంచి కుడికి, అదీ ఎడమ పక్కతో తేలకపోతేనే. ఇప్పుడు నేను ఇలాంటి లైను కనిపించగానే ముందు పెన్సిల్‌తో కుండలీకరణాలు వేసి, ఆ తరువాతే పట్టిక మొదలుపెడుతున్నాను. రెండు పనులనూ ఒకేసారి చేయబోయినప్పుడల్లా తప్పాను.

ఏడో రోజు: రికర్షన్, `static`, ఒకే ప్రశ్నకు రెండు పట్టికలు

ఫంక్షన్ పిలుపుల ప్రశ్నలు ఐదింటినీ ఒక్క రోజులో ముగించగలనని అనుకున్నాను. ఒక్క ప్రశ్నే రెండు రోజులు తిన్నది. ఇదీ ఆ ప్రశ్న స్వరూపం:

```c
int f(int n)
{
    static int r = 0;
    if (n <= 0)
        return 1;
    r++;
    return f(n - 1) + r;
}
```

`main`లో `printf("%d", f(3));` అని ఉంది. నేను రాసినది 7, కీలో ఉన్నది 10.

రికర్షన్‌కు పట్టిక గీసేటప్పుడు రెండు విషయాలను గట్టిగా వేరుచేయాలి. `n` ప్రతి పిలుపుకూ కొత్తగా పుడుతుంది. కాబట్టి నాలుగు పిలుపులుంటే నాలుగు `n`లు ఒకేసారి బతికి ఉంటాయి. `r` మాత్రం `static` కాబట్టి అన్ని పిలుపులకూ కలిపి ఒక్కటే. దాని ప్రారంభ విలువ 0 ప్రోగ్రామ్ మొత్తంలో ఒక్కసారే పెట్టబడుతుంది, ఫంక్షన్‌లోకి వచ్చిన ప్రతిసారీ కాదు. అందుకని `n`ను పిలుపు వరుసలోనే రాసి, `r` కాలమ్‌ను రెండు గీతలు కొట్టి పక్కకు జరిపాను.

| వరుస | ఎక్కడ ఉన్నాము | `n` | తిరిగిచ్చే విలువ | `r` |
|---|---|---|---|---|
| 0 | | | | 0 |
| 1 | `f(3)` లోపలికి | 3 | | 1 |
| 2 | `f(2)` లోపలికి | 2 | | 2 |
| 3 | `f(1)` లోపలికి | 1 | | 3 |
| 4 | `f(0)` లోపలికి | 0 | 1 | |
| 5 | తిరిగి `f(1)`లో | 1 | 1 + 3 = 4 | |
| 6 | తిరిగి `f(2)`లో | 2 | 4 + 3 = 7 | |
| 7 | తిరిగి `f(3)`లో | 3 | 7 + 3 = 10 | |

కిందికి దిగేటప్పుడు కూడిక ఒక్కటీ జరగదు. మొదటి మూడు వరుసల్లోనూ `f(n - 1) + r` సగంలో ఆగి ఉంటుంది, కూడవలసిన ఎడమ భాగం ఇంకా చేతికి రాలేదు. `f(0)` 1ని తిరిగిచ్చాకే పైకి ఎక్కడం మొదలవుతుంది. అప్పటికి `r` 3గా స్థిరపడింది కాబట్టి మూడు కూడికలూ ఆ 3నే చూస్తాయి.

నేను దారి తప్పినది ఆరో వరుస దగ్గర. అయిదోది అనుకోకుండా సరిగ్గా వచ్చింది, ఎందుకంటే `f(1)` పిలిచినప్పటి `r` కూడా 3. ఆరో వరుసకు వచ్చేసరికి, `f(2)` పక్కన నేను దిగేటప్పుడు రాసుకున్న 2ను తీసుకుని 4 + 2 = 6 చేశాను; ఏడో వరుసలో 6 + 1 = 7. ఒక్క మాటలో చెప్పాలంటే, `static`ను మామూలు లోకల్ వేరియబుల్‌గా చూశాను.

ఇక్కడితో ప్రశ్నను మూసేసేవాణ్ణే. కానీ ఆ రాత్రి నోట్‌బుక్కు మళ్లీ తెరిచి, నాలుగో రోజు రాసుకున్న వాక్యం చదివాను: ఏది ముందు లెక్కించాలి అన్నది వేరే ప్రశ్న. `&&`కు ఆ ప్రశ్నకు జవాబు ఉంది. మరి `+`కు?

ఎనిమిదో రోజు: కీ తప్పా, నేను తప్పా

లేదు. `+`కు రెండు పక్కల్లో ఏది ముందు లెక్కించాలో సి భాష ప్రమాణం నిర్దేశించలేదు. ఎడమ నుంచి కుడికి అని భాష స్వయంగా హామీ ఇచ్చే ఆపరేటర్లు నాలుగే: `&&`, `||`, `?:`, కామా ఆపరేటర్. ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల మధ్య వచ్చే కామా ఈ జాబితాలోకి రాదు. అది ఆపరేటర్ కాదు, కేవలం వేరుచేసే గుర్తు.

అంటే `f(n - 1) + r`ను చూసిన కంపైలర్ ముందు ఫంక్షన్‌ను పిలిచి, తరువాత `r`ను చదవవచ్చు. లేదా ముందు `r`ను చదివి దాచుకుని, తరువాత ఫంక్షన్‌ను పిలవవచ్చు. మొదటి దారిలో సమాధానం 10. రెండో దారిలో `f(3)` దాచుకున్నది 1, `f(2)` దాచుకున్నది 2, `f(1)` దాచుకున్నది 3; ఎక్కేటప్పుడు 1 + 3 = 4, 4 + 2 = 6, 6 + 1 = 7. నా పాత సమాధానమే! దానికి నేను చేరుకున్న దారి మాత్రం తప్పే. `static` అర్థాన్ని మరచిపోయి 7 రాయడానికీ, లెక్కింపు వరసను మార్చి 7 రాబట్టడానికీ సంబంధం లేదు. ఈ తేడాను నోట్‌బుక్కులో ఎర్ర సిరాతో రాసుకున్నాను, లేకపోతే రేపు నన్ను నేనే సమర్థించుకుంటాను.

ఇంత జరిగాక కంపైలర్‌లో నడిపి తేల్చుకుందామన్న ఆశ కలిగింది. అయితే దానివల్ల ఆ కంపైలర్, ఆ సెట్టింగులతో, ఏ వరసను ఎంచుకుందో తెలుస్తుంది తప్ప, భాష ఏమి చెబుతుందో తెలియదు. ఈ సందర్భంలో 10 వచ్చినా 7 తప్పని రుజువు కాదు. అందుకు బదులుగా ప్రశ్నను రెండు రకాలుగా తిరగరాశాను. `return` లైను స్థానంలో ఇది పెడితే 10 తప్ప మరొకటి రాదు:

```c
int t = f(n - 1);
return t + r;
```

ఇది పెడితే 7 తప్ప మరొకటి రాదు:

```c
int t = r;
return f(n - 1) + t;
```

ఇక్కడ `t` లోకల్ కాబట్టి ప్రతి పిలుపుకూ దాని సొంత `t` ఉంటుంది. పట్టికలో అది `n` పక్కన చేరుతుంది, `r` పక్కన కాదు. ఈ రెండు రూపాలకూ పట్టికలు గీసి పక్కపక్కన పెట్టాక విషయం పూర్తిగా కుదురుకుంది.

పరీక్షలో ఏమి రాయాలి? ఇలాంటి ప్రశ్న ఇచ్చినవారు ఎడమ నుంచి కుడికి అనుకునే ఇస్తారు, నేను చూసిన కీలన్నీ అలాగే ఉన్నాయి. కాబట్టి 10 రాస్తాను. నాకు ప్రశ్నకర్త మీద పెద్ద కోపం ఏమీ లేదు గానీ, `t` అనే ఒక్క లైను అదనంగా రాసి ఉంటే ఈ చిక్కే ఉండేది కాదు.

దీనికీ, `i = i++ + ++i` తరహా ప్రశ్నలకూ తేడా ఉంది. పై ప్రశ్నకు సాధ్యమైన సమాధానాలను లెక్కపెట్టి చెప్పవచ్చు: అన్ని పిలుపుల్లోనూ ఒకే వరస పాటిస్తే రెండే, 10 లేదా 7. ఫంక్షన్ శరీరం నడుస్తున్నంతసేపూ పిలిచిన వ్యక్తీకరణలోని మిగతా పని దాని మధ్యలోకి చొరబడదు. ముందో వెనకో జరుగుతుంది, అంతే. `i = i++ + ++i`లో అలాంటి గోడ ఏదీ లేదు. ఒకే వేరియబుల్‌ను ఒకే వ్యక్తీకరణలో, మధ్యలో ఏ క్రమమూ నిర్ణయం కాకుండా, ఒకటికి మించి మార్చినా, లేదా ఒకచోట మార్చి మరోచోట ఇంకో పనికి చదివినా, భాష దాని ఫలితాన్ని నిర్వచించదు. `a[i] = i++` ఆ కోవలోనిదే, `printf("%d %d", i, i++)` కూడా అంతే. వీటికి పట్టిక గీయడం కుదరదు, ఎందుకంటే రెండో వరుసలో ఏమి రాయాలో చెప్పే నియమమే లేదు.

పాత పేపర్లలో ఇవి కనిపిస్తూనే ఉంటాయి, కీలో ఒక అంకె ఉంటుంది కూడా. టర్బో సి రోజుల పేపర్లలో ఆ అంకె ఎక్కువగా ఆర్గ్యుమెంట్లను కుడి నుంచి ఎడమకు లెక్కించి వచ్చినది. అదే పేపర్లలో `int` 2 బైట్లుగా తీసుకోవడం కూడా చూస్తాము. నా 40 ప్రశ్నల్లో ఇలాంటివి మూడు ఉన్నాయి. వాటిలో రెండింటిని మొదటి రోజు "సరిగ్గా" చేశాను. వాటిని జాబితా నుంచి తీసేశాను.

మిగిలిన నాలుగు ఫంక్షన్ ప్రశ్నలు త్వరగా అయిపోయాయి. ఒకదానిలో మాత్రం ఇలాంటి ఫంక్షన్‌నే రెండుసార్లు పిలిచారు. మన `f(3)`నే వరుసగా రెండు `printf`లలో పిలిస్తే, ఎడమ నుంచి కుడికి అన్న లెక్కలో మొదటిది 10, రెండోది 19. రెండో పిలుపు మొదలయ్యేటప్పటికి `r` 3గానే ఉంటుంది. అది 4, 5, 6 వరకు పెరిగి, 1 + 6, 7 + 6, 13 + 6 అవుతుంది. మొదటి పిలుపు ముగియగానే కొత్త పేజీకి వెళ్లి `r`ను 0తో మొదలుపెట్టడం నా పొరపాటు. `static` కాలమ్ పేజీ మారినా కొనసాగాలి.

పదకొండో రోజు: వంద వరుసలు గీయలేము

```c
int i, x = 1;
for (i = 0; i < 100; i++)
    x = (x * 3) % 7;
printf("%d", x);
```

మొదటి రోజు ప్రశ్నలు ఏరుకునేటప్పుడు దీన్ని వదిలేశాను. ఇప్పుడు రెండో రోజు రాసుకున్న గుర్తు పనికివచ్చింది. ఒక్కో చుట్టు తరువాత `x` విలువ 3, 2, 6, 4, 5, 1. ఆరు చుట్లకు `x` మళ్లీ 1కి వచ్చింది. లూప్ శరీరం చదివేది `x`ను మాత్రమే, `i` కేవలం చుట్లను లెక్కపెడుతోంది. కాబట్టి ఇక్కడి నుంచి అదే వరస తిరుగుతుంది. 100ను 6తో భాగిస్తే శేషం 4. నాలుగో చుట్టు తరువాతి విలువ 4, అదే సమాధానం.

ఈ కిటుకు దొరికిన సంతోషంలో దాని హద్దును పరీక్షించకుండా వదలకూడదని, శరీరాన్ని `x = (x * 3 + i) % 7`గా మార్చి చూశాను. `i` 0 నుంచి 3 వరకు `x` 3, 3, 4, 1. నాలుగు చుట్లకే 1 వచ్చేసింది! ఇక నాలుగు చుట్లకొకసారి తిరుగుతుందని అనుకుంటే తరువాతి విలువ మళ్లీ 3 కావాలి. `i` ఇప్పుడు 4 కాబట్టి వచ్చినది 1 × 3 + 4, అంటే 7, శేషం 0. వరుస మళ్లీ వచ్చిందని చెప్పాలంటే శరీరం చదివే ప్రతి కాలమ్ విలువా మళ్లీ రావాలి. ఇక్కడ `i` కూడా అందులో ఒకటి. `i`ను 7తో భాగించిన శేషానికి ఒక కాలమ్ వేసి, `x`, ఆ శేషం రెండూ కలిసి తిరిగి వచ్చే చోటు కోసం చూడాలి.

పధ్నాలుగో రోజు

ఇంతవరకు చూడని పేపర్ల నుంచి మరో 40 ప్రశ్నలు తీసి, పట్టికతోనే చేశాను. 4 తప్పాయి. సమయం మాత్రం దాదాపు రెట్టింపయింది. చిన్న ప్రశ్నలకు కూడా పూర్తి పట్టిక గీయడం దానికి ఒక కారణం. లూప్, పిలుపు, లైను మధ్యలో విలువ మారడం, ఈ మూడింటిలో ఏదీ లేని ప్రశ్నకు ఇకపై పట్టిక గీయను.

తప్పిన నాలుగింటిలో రెండు కూడికల్లో పోయాయి. ఒకదానిలో `<=`ను `<`గా దించుకున్నాను. నాలుగోది ఇది:

```c
for (i = 0; i < 5; i++);
    printf("%d ", i);
```

పట్టిక శుభ్రంగా గీశాను, అయిదు వరుసల్లో అవుట్‌పుట్ కాలమ్ నింపాను, ఆరో వరుసలో షరతు అబద్ధం అని కూడా రాశాను. సమాధానం `0 1 2 3 4` అని పెట్టాను. మొదటి లైను చివరి సెమికోలన్ కంటపడలేదు. లూప్ శరీరం ఖాళీ, `printf` లోపలికి జరిపి రాసినా లూప్ బయటిదే. ముద్రించేది ఒక్క `5`. పట్టికలో ఒక్క వరుస కూడా తప్పు లెక్క కాదు, పట్టిక మొత్తం వేరే ప్రోగ్రామ్‌ది.

రేపటి నుంచి పట్టిక గీయడానికి ముందు కోడ్ లైన్లకు నంబర్లు వేసి, ప్రతి లూప్ శరీరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పక్కన గీత గీస్తాను. పట్టికలో మొదటి కాలమ్‌గా లైను నంబరు ఉంటుంది. పై ప్రశ్ననే ఆ పద్ధతిలో మళ్లీ చేసి చూశాను. అయిదు చుట్లలోనూ లైను కాలమ్‌లో 1 తప్ప మరొకటి రాలేదు, 2 ఒక్కసారే, చిట్టచివర వచ్చింది.